సర్టిఫికెట్ ఫీజు: కౌంటర్ దగ్గర చెప్పని లెక్క

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ దాకా ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. గ్రూప్స్‌కు చదువుతూనే క్లౌడ్, టెస్టింగ్, అకౌంట్స్ సర్టిఫికెట్ల కోసం వాకబు చేసేవాళ్లూ ఇక్కడ ఉన్నారు. ఫీజు దగ్గరికొచ్చేసరికి వాళ్లకు తప్పుడు సమాచారమే ఎక్కువ అందుతోంది.

అపోహ: నో కాస్ట్ ఈఎంఐ అంటే ఇన్‌స్టిట్యూట్ మనకిచ్చే వాయిదా.

చాలాచోట్ల అది మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. పాన్, ఆధార్ తీసుకుని ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడుగుతారు. అది చెప్పారంటే అప్పు పత్రం మీద సంతకం పెట్టినట్టే. డబ్బు నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తుంది.

కోర్సు ఫీజు 60,000 రూపాయలు, నెలకు 5,000 చొప్పున 12 నెలలు అనుకుందాం. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతమైతే 1,200, దానిపై 18 శాతం జీఎస్టీ 216. మొత్తం 61,416. ఒకేసారి కడితే ఎంతకిస్తారో కూడా అడగండి. 54,000కు ఒప్పుకుంటే, వాయిదాల కోసం మీరు అదనంగా పెడుతున్నది 7,416.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. క్లాసులు మధ్యలో ఆగిపోయినా, మీకు నచ్చక మానేసినా వాయిదాలు ఆగవు. కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కొత్త అప్పులకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అప్పుకు ఏటా నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో రాసి ఉంటుంది. అది చేతికి రాకుండా ఓటీపీ చెప్పొద్దు. మధ్యలో మానేస్తే ఇన్‌స్టిట్యూట్ ఎంత వెనక్కిస్తుందో కాగితం మీద రాయించుకోండి.

అపోహ: పరీక్ష రాసి బిల్లు పెడితే కంపెనీ ఇచ్చేస్తుంది.

ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష ఫీజు 150 డాలర్లు, పన్ను అదనం. చాలా కంపెనీలు మేనేజర్ ముందే ఓకే చెప్పి ఉంటేనే, అదీ పాసైతేనే ఇస్తాయి. తప్పితే ఆ ఖర్చు మీరే భరించాలి. అందుకని పరీక్ష బుక్ చేసే ముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి జవాబు దాచుకోవాలి. తప్పినవాళ్లకూ ఇస్తారా, ఎన్ని నెలల్లోపు ఉద్యోగం మానేస్తే వెనక్కి కట్టాలి అన్నవి అందులోనే అడగాలి. ఇలా వెనక్కి కట్టించే ఉద్యోగ బాండ్లు కోర్టులో నిలవవన్న ధీమా పనికిరాదు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది.

అపోహ: రాయితీలు ర్యాంకర్లకే.

ఎన్‌పీటీఈఎల్ కోర్సులు ఎవరికైనా ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకు 1,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు అందులో సగమే. దీనికి మార్కులతో పని లేదు. కాకపోతే ధ్రువపత్రాన్ని పరీక్షకు రిజిస్టర్ చేసుకునేటప్పుడే అప్‌లోడ్ చేయాలి.