అయిదు నిమిషాల ప్రహ్లాదుడు

పిల్లల కోసం తీసే ప్రహ్లాదుడి వీడియోకు అయిదు నిమిషాలు చాలు. అందులో వ్యాఖ్యానం, సంభాషణలు కలిపి నాలుగు వందల మాటలకు మించితే చదివేవాళ్లు పరుగెత్తాలి, వినే పిల్లలు వెనకబడతారు. భాగవతం ఏడో స్కంధంలోని కథేమో చాలా పెద్దది. హిరణ్యాక్షుడి వధ, అన్న తపస్సు, గర్భంలోని శిశువుకు నారదుడి ఉపదేశం, చండామార్కుల బడి, శిక్షలు, నరసింహావతారం, ఆపైన ప్రహ్లాదుడి స్తుతి. ఇన్నింటినీ తలా కొంచెం చెప్పబోతే స్క్రిప్టు విషయసూచికలా తయారవుతుంది. అందుకే ముందు తేల్చుకోవలసింది కథకు వెన్నెముక ఏదన్నది.

ఆ వెన్నెముక మూలకథలోనే ఉంది. తండ్రి కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, నీకు ఏది మంచిదనిపిస్తోందని ముద్దుగా అడుగుతాడు. పిల్లవాడు హరిని ఆశ్రయించడమే మంచిదంటాడు. ఎవరో నూరిపోశారనుకుని తండ్రి నవ్వేసి మళ్లీ బడికి పంపుతాడు. రెండోసారి మళ్లీ ఒళ్లోకి తీసుకుని, ఏం చదువుకున్నావని అడుగుతాడు. జవాబు మారదు. ఈసారి కొడుకును ఒళ్లోంచి కిందికి తోసేస్తాడు. మూడోసారి అడిగేది నిండు సభలో, స్తంభం ముందు. తండ్రి గొంతు ముద్దు నుంచి కోపానికి, కోపం నుంచి గర్జనకు మారుతుంది. కొడుకు గొంతు మాత్రం మొదట ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉంటుంది. నిశ్చలమైన భక్తి అంటే ఏమిటో పిల్లలకు వేరే వివరించనక్కర్లేదు, ఈ తేడా వింటే చాలు. ప్రహ్లాదుడి చేత ఉపన్యాసాలు చెప్పిస్తే ఇదంతా చెడిపోతుంది. అతని మాట ఎప్పుడూ ఒకటి రెండు వాక్యాలు దాటకూడదు.

మొదటి నలభై సెకన్లు బ్రహ్మ వరానికి కేటాయించాలి. ఇక్కడ తొందరపడితే చివర దెబ్బతింటుంది. మనిషి వల్ల గాని, మృగం వల్ల గాని, పగలు గాని, రాత్రి గాని, ఇంటి లోపల గాని, బయట గాని, నేల మీద గాని, ఆకాశంలో గాని, ఏ ఆయుధంతోనూ చావు రాకూడదన్నది వరం. ఒక్కో షరతుకూ ఒక్కో బొమ్మ చూపించాలి. సంధ్యవేళ గడప మీద, తొడలపై పడుకోబెట్టి, గోళ్లతో చంపే ఘట్టంలో అవే బొమ్మలు ఒక్కొక్కటిగా చెరిగిపోతే పిల్లలు చిక్కుముడిని తామే విప్పుకుంటారు. చిత్తుప్రతిని ఒక పిల్లవాడికి చదివి వినిపించి, గడప మీదే ఎందుకని అడగాలి. జవాబు రాకపోతే లోపం మొదటి నలభై సెకన్లలోనే ఉన్నట్టు.

శిక్షల భాగంలోనే ఎక్కువమంది రచయితలు జారిపోతారు. ఏనుగులు, పాములు, విషం, కొండ, నిప్పు, సముద్రం వరసపెట్టి చూపిస్తే అది భక్తి కథ కాదు, హింసల పట్టిక. రెండు చాలు. ఏనుగు నీడ గోడ మీద పెరుగుతూ వచ్చి ఆగిపోవడం ఒకటి. కొండ మీద నుంచి భటులు తోసేయడం మరొకటి, అదీ దూరం నుంచే. పిల్లవాడు తనంతట దూకినట్టు గాని, విషం గిన్నె అందుకున్నట్టు గాని చూపించకూడదు. చూసే వయసు అనుకరించే వయసు కూడా. హోలికను తీసుకొచ్చి మంటలో కూర్చోబెట్టడం ఇప్పటి వీడియోల్లో మామూలైపోయింది. ఆమె పోతన భాగవతంలో లేదు, ఉత్తరాది హోలీ కథలోది.

స్క్రిప్టు కాగితాన్ని నిలువుగా రెండుగా చేసి, ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాసుకోవడం అలవాటు. స్తంభం ఘట్టంలో కుడివైపు ఇంతే ఉంటే చాలు:

“ఎక్కడరా నీ హరి?”
“అంతటా ఉన్నాడు నాన్నగారూ.”
“ఈ స్తంభంలో?”
“ఉన్నాడు.”

తర్వాత మూడు సెకన్లు ఏ శబ్దమూ ఉండకూడదు. ఎడమవైపు హిరణ్యకశిపుడి చెయ్యి లేస్తుంది. స్తంభాన్ని కొట్టింది గదతో అని చాలామంది అనుకుంటారు గాని, భాగవతంలో చేత్తోనే. పోతన పద్యం పెట్టాలనిపిస్తే ఈ ఘట్టంలోదే ఒకటి, మాటలు స్పష్టంగా వినిపించేలా, వెనక వాద్యాలు లేకుండా పెట్టుకోవాలి. రెండోది పెడితే కథ ఆగిపోతుంది. వధను నేరుగా చూపనక్కర్లేదు. గడప, సంధ్యాకాశం, సింహం గోళ్లు చూపించి, సభలోవాళ్ల ముఖాల మీదికి మళ్లితే సరిపోతుంది.

అక్కడితో వీడియో ముగించేస్తే కథలో సగం పోతుంది. నరసింహుడి ఉగ్రరూపానికి దేవతలు బెదిరిపోతారు, లక్ష్మీదేవి కూడా దగ్గరికి వెళ్లదు. వెళ్లేది ప్రహ్లాదుడే. స్వామి అతని తల మీద చెయ్యి వేసి, వరం కోరుకొమ్మంటాడు. తన మనసులో కోరికలే పుట్టకూడదని అడుగుతాడు. ఆ తర్వాత అడిగేది తండ్రి పాపం పోవాలని. ఈ ఘట్టానికి కనీసం నిమిషం ఉంచుకోవాలి. తండ్రిని మొదటి నుంచీ కోరల రాక్షసుడిగా బొమ్మ గీస్తే ఈ కోరిక పిల్లలకు అర్థం కాదు. కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకున్న మొదటి దృశ్యంలో అతను నిజంగా ముద్దు చేసే తండ్రిగానే కనిపించాలి. పట్టాభిషేకానికి వ్యాఖ్యానంలో ఒక్క వాక్యం చాలు.