మైకు ముందు పేరు తప్పితే

2014 మార్చి 2న ఆస్కార్ వేదిక మీదికి జాన్ ట్రవోల్టా వచ్చారు. ఆయన పని ఒక్కటే. ‘ఫ్రోజెన్’ సినిమాలోని పాట పాడబోతున్న గాయని ఇడీనా మెంజెల్‌ను సభకు పరిచయం చేయాలి. నాలుగు మాటలు బాగానే చెప్పి, తీరా పేరు దగ్గరికొచ్చేసరికి ‘అడేల్ డజీమ్’ అన్నారు. దిద్దుకోలేదు. సంగీతం మొదలైంది, ఆమె పాడేశారు. ఎవరిదీ కాని ఆ పేరు మాత్రం తెల్లారేసరికి లోకమంతా పాకిపోయింది. ప్రాంప్టర్ తెర మీద పేరును పలకడానికి వీలుగా మార్చి రాశారనీ, తాను సాధన చేసినప్పుడు అలా లేదనీ ఆయన తర్వాత ఒక టీవీ కార్యక్రమంలో చెప్పుకొచ్చారు.

మరుసటి ఏడాది ఇద్దరినీ కలిపి అదే వేదిక ఎక్కించారు. ఈసారి ఆమె ఆయన పేరును సరదాగా వంకర తిప్పి పిలిచారు. సభ నవ్వింది, లెక్క సరిపోయింది. అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆయన ఆమె గడ్డం పట్టుకుని, ముఖం నిమురుతూ పేరు పలికారు. మర్నాడు అందరూ ఆ చేతి గురించే మాట్లాడుకున్నారు. మొదటిసారి దిద్దుబాటే లేదు, రెండోసారి మోతాదు మించింది. మన ఊళ్ళలో కాలేజీ వార్షికోత్సవాల నుంచి పుస్తకావిష్కరణల దాకా పరిచయకర్తలు ఇబ్బంది పడేదీ ఈ రెండు చోట్లే.

సరైన మోతాదు ఎంతో రేడియో వార్తలు వినేవాళ్ళకు తెలుసు. చదువుతూ చదువుతూ పేరు తప్పితే న్యూస్‌రీడర్ ‘క్షమించాలి’ అని ఒక్క మాట అంటారు. ఆ పేరున్న ముక్కను మొదటి నుంచి సరిగ్గా చదువుతారు. గొంతు మారదు, వేగం మారదు. తప్పిన ఒక్క పదాన్నే విసిరేసి పోకుండా దాని చుట్టూ ఉన్న ముక్కంతా మళ్ళీ చదవడంలో పెద్ద సౌకర్యం ఉంది. డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త విలెమ్ లెవెల్ట్ రంగు చుక్కల బొమ్మలను మాటల్లో వర్ణించమని కొందరికి చెప్పి, వాళ్ళు తమను తాము ఎలా దిద్దుకుంటున్నారో పరిశీలించారు. 1983లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం దిద్దుబాటులో మూడు భాగాలుంటాయి: ఆగడం, ఆగానని తెలిపే చిన్న మాట, సరిచేసిన ముక్క. కొత్త ముక్క పాత వాక్యంలో ఎక్కడ అతుక్కుంటుందో వినేవాడికి తెలియాలి. పేరు ఒక్కటే మళ్ళీ అంటే అది ఇంకో మనిషి పేరేమో అనుకునే ప్రమాదం ఉంది. ‘డాక్టర్’తో మొదలుపెట్టి ‘గారు’తో ముగిస్తే ఆ అనుమానం రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ ఊరి కాలేజీకి చెన్నై నుంచి ఒక కంటి డాక్టరు ముఖ్య అతిథిగా వచ్చారు. పేరు ఎళిలరసి అనుకుందాం. మీ చేతిలోని కాగితం మీద ఇంగ్లీషులో ఇ, జెడ్, హెచ్‌లతో మొదలయ్యే పేరుంది. తమిళులు తమ ప్రత్యేకమైన ఒక అక్షరాన్ని ఇంగ్లీషులో జెడ్, హెచ్ కలిపి రాస్తారని, తెలుగులో దాన్ని ‘ళ’తో రాసుకుంటామని తెలియని పరిచయకర్త ‘ఎజిలరసి’ అని చదివేస్తారు. రాజకీయ నాయకురాలు కనిమొళి పేరునూ ఇలాగే ‘కనిమోజి’ చేసేస్తుంటారు. తప్పు జరిగిందని మూడు చోట్ల తెలుస్తుంది. అతిథి ముఖంలో చిరునవ్వు ఒక్క క్షణం ఆగుతుంది, ముందు వరసలో ఎవరో పెదవులు కదుపుతారు, లేదా మీ చెవికే ఏదో తేడాగా వినిపిస్తుంది. అప్పుడు చేయాల్సింది ఇంతే: “క్షమించాలి. డాక్టర్ ఎళిలరసి గారు.” ఒక ఊపిరి. “డాక్టర్ ఎళిలరసి గారు చెన్నైలో కంటి శస్త్రచికిత్స నిపుణులు.” వాక్యం మొదటి నుంచి మళ్ళీ వచ్చింది, పేరు రెండుసార్లు సరిగ్గా సభ చెవిన పడింది. ఆ తర్వాత పరిచయంలో కనీసం ఇంకోసారి ఆ పేరు రావాలి. తప్పు పోయిందని భయపడి మిగతా అంతా ‘మన అతిథి గారు’ అంటూ నెట్టుకొస్తే, వెనక వరసలో కూర్చున్న విద్యార్థి ఆవిడ పేరు తెలియకుండానే ఇంటికెళ్తాడు.

సరైన ఉచ్చారణ నిజంగా తెలియకపోతే ఊహించి రెండో తప్పు చేయకండి. మైకు నుంచి ముఖం తిప్పి, “మేడమ్, మీ పేరు ఒక్కసారి చెప్తారా?” అని ఆవిడనే అడిగి, విన్నది విన్నట్టు మైకులో పలకండి. ఇందులో ఎవరి పరువూ పోదు. పరువు పోయేది “అబ్బ, నోరు తిరగని పేరండీ!” అన్నప్పుడు. ఆ మాటతో తప్పు మీది కాస్తా ఆవిడ పేరుది అయిపోతుంది. సభ నవ్వుతుంది, పాపం ఆవిడా మర్యాదకు నవ్వాల్సి వస్తుంది. ఈ ఒక్క మాట మన వేదికల మీద నుంచి పోవాలని నా గట్టి కోరిక. అమెరికాలో మన పిల్లల పేర్లు స్కూల్లో ఇలాగే నవ్వులపాలైతే మనకెంత బాధ! దీర్ఘ క్షమాపణదీ ఇలాంటి చిక్కే. ఒకే తప్పుకు మూడుసార్లు క్షమించమంటే “పర్లేదండీ, పర్లేదండీ” అంటూ అతిథే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఇక పరిచయం మధ్యలో వరస తప్పడం. ఇది దాదాపు ఎప్పుడూ చప్పట్ల దగ్గరే జరుగుతుంది. ఏదో పురస్కారం పేరు చదివి, అతిథి వైపు తలెత్తి, చప్పట్లు ఆగాక మళ్ళీ కాగితం మీదికొస్తే ఆ పేరా ఎక్కడుందో కనిపించదు. అతిథి పంపిన బయోడేటాను ఉన్నదున్నట్టు తెచ్చుకున్నవారికి ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అందులో అన్ని వాక్యాలూ ఒకే పొడవు, ఒకే సైజు అక్షరం. అప్పుడు మౌనంగా ఉండండి. రెండు మూడు సెకన్లు మీకు యుగంలా అనిపిస్తాయి గానీ సభకు అది ఊపిరి తీసుకోవడంలాగే ఉంటుంది. ‘అదీ... అంటే... ఏంటంటే...’ అని నింపితేనే మీరు తప్పిపోయారని అందరికీ తెలుస్తుంది.

అప్పటికీ వరస దొరక్కపోతే వెతకడం మానేసి చివరి వాక్యానికి వెళ్ళిపోండి. పరిచయంలో విడవకూడనివి మూడే: అతిథి ఎవరు, ఈ రోజు దేని గురించి మాట్లాడతారు, వారికి ఆహ్వానం. “మధుమేహం ఉన్నవారు కళ్ళను ఎలా కాపాడుకోవాలో డాక్టర్ ఎళిలరసి గారు మనకు చెప్తారు. మేడమ్‌ను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.” ఈ రెండు వాక్యాలనూ కంఠతా పట్టి, కాగితం అడుగున పెద్ద అక్షరాలతో, పేరును తెలుగులో పలికే తీరునే రాసుకుని, రాసుకున్న ఆ అక్షరాలే చూస్తూ ముందే బిగ్గరగా చదివి ఉంచుకోవాలి. సాధన ఒక రాతతో, సభ ఇంకో రాతతో అయితే ట్రవోల్టాకు జరిగిందే జరుగుతుంది. మధ్యలో వదిలేసిన రెండు డిగ్రీల కోసం మళ్ళీ మైకు పట్టుకోనక్కర్లేదు. ఏ ఘనత కోసం ఆ రోజు సన్మానం జరుగుతోందో అదే వదిలేస్తే మాత్రం శాలువా కప్పేటప్పుడు ఒక వాక్యంలో చెప్పండి.

పేరు తప్పిందని సభ అయ్యాకగానీ తెలియకపోతే అతిథిని పక్కకు పిలిచి, “మీ పేరు తప్పు పలికాను మేడమ్, క్షమించండి” అంటే చాలు. సభ ఇంకా నడుస్తూనే ఉంటే మాత్రం ముందు వెళ్ళాల్సింది వందన సమర్పణ చేసేవారి దగ్గరికి. చాలాసార్లు వాళ్ళు మిమ్మల్ని విని, మీరు పలికినట్టే రాసుకుని ఉంటారు. ఆ కాగితం అడిగి తీసుకుని, పేరు కొట్టేసి, తెలుగులో సరిగ్గా రాసివ్వండి. సన్మాన పత్రం చదివేవారికీ, వార్త రాసుకుంటున్న విలేకరికీ అదే చీటీ చూపించండి.