పాదం లేవడం లేదు: దెబ్బ ఏ నరానికి?

కాలి నరాల గాయాలపై వైద్య విద్యార్థులకు ఇచ్చే ప్రశ్నల్లో ఐదు జవాబులుంటాయి. వాటిలో రెండు మూడు కొంతవరకు సరైనవే. అన్ని లక్షణాలకూ సరిపోయేది మాత్రం ఒక్కటే. అలాంటి ప్రశ్న ఒకటి ఇది.

ముప్పై ఏళ్ల వ్యక్తికి కాలి ఎముక విరిగితే మోకాలి కిందివరకు పిండికట్టు వేశారు. ఆరు వారాలకు కట్టు విప్పాక, నడుస్తుంటే అతని కాలివేళ్లు నేలకు తగులుకుంటున్నాయి. పాదాన్ని పైకి ఎత్తలేడు, బయటివైపు తిప్పలేడు. పాదం పైభాగంలో స్పర్శ తగ్గింది. లోపలివైపు తిప్పగలడు, మునివేళ్లపై నిలబడగలడు. మడమ వెనక సుత్తితో కొడితే పాదం మామూలుగానే కదులుతోంది. దెబ్బతిన్నది ఏది: సయాటిక్ నరమా, టిబియల్ నరమా, కామన్ పెరోనియలా, డీప్ పెరోనియలా, నడుములోని ఎల్5 నరం మూలమా?

జవాబు కామన్ పెరోనియల్ నరం. మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే ఎముక ఫిబులా. దాని మెడ చుట్టూ ఈ నరం చర్మానికి దగ్గరగా తిరుగుతుంది. కట్టు పై అంచు అక్కడ బిగుసుకుంటే నరం నలుగుతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుని పని చేసేవారికీ ఇదే జరగవచ్చు. అక్కడే నరం రెండుగా చీలుతుంది. డీప్ శాఖ పాదాన్ని ఎత్తే కండరాలకు, సూపర్‌ఫీషియల్ శాఖ బయటికి తిప్పే కండరాలకు వెళతాయి. ఇతనికి రెండు పనులూ పోయాయి కాబట్టి దెబ్బ చీలికకు ముందే తగిలింది. డీప్ శాఖ ఒక్కటే దెబ్బతింటే పాదం బయటికి తిరిగేది, తిమ్మిరి బొటనవేలికీ పక్కవేలికీ నడుమ సందులోనే ఉండేది.

టిబియల్ నరం పిక్క కండరాలది, అరికాలిది. మునివేళ్లపై నిలబడగలిగాడు గనుక అది క్షేమమే. సయాటిక్ నరం పూర్తిగా దెబ్బతింటే ఆ బలమూ, మడమ దగ్గరి కదలికా పోయేవి. పిరుదులో తప్పు చోట వేసిన ఇంజెక్షన్ కూడా సయాటిక్ నరాన్ని గాయపరచగలదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఎల్5 దగ్గర. డిస్కు జారి ఆ మూలం నొక్కుకుపోయినా పాదం వాలుతుంది, పైభాగం మొద్దుబారుతుంది, మడమ కదలిక మామూలుగానే ఉంటుంది. తేడా పట్టించేది పాదాన్ని లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్ కండరం. దానికి ఆజ్ఞ టిబియల్ నరం గుండా వెళుతుంది, కానీ మొదలయ్యేది ఎక్కువగా ఎల్5లోనే. అందుకే మూలం దెబ్బతింటే అదీ బలహీనపడుతుంది, తొడను పక్కకు చాపడమూ కష్టమవుతుంది. ఈ వ్యక్తికి అది చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. వేలాడుతున్న పాదాన్ని అలాగే ఉంచి లోపలికి తిప్పమంటే, కండరం బాగున్నా బలం తక్కువగా అనిపిస్తుంది. పరీక్షించేవారు ముందు పాదాన్ని చేత్తో కాలికి లంబంగా నిలిపి, తర్వాత తిప్పమనాలి.