డ్యాష్‌బోర్డు లెక్క, చిట్టా లెక్క

గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే చిన్న దుకాణాల్లో చాలామంది యజమానులు డ్యాష్‌బోర్డును నేరుగా తెరవరు. ప్రకటనలు చూసే వ్యక్తి నెలాఖరున వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపుతారు. అందులో ఇంప్రెషన్లు, క్లిక్కులు, కన్వర్షన్లు, ఖర్చు పక్కపక్కనే ఉంటాయి. ప్రకటన ఒకసారి తెరమీద కనబడితే ఒక ఇంప్రెషన్. దాన్ని ఎవరైనా నొక్కితే క్లిక్కు. నొక్కి లోపలికి వచ్చినవారు దుకాణం కోరుకున్న పని చేస్తే, అంటే కొనడమో, ఫోన్ చేయడమో, ఫారం నింపడమో జరిగితే అది కన్వర్షన్. ఈ మూడింటిలో లాభనష్టాలను తేల్చేది చివరిదే. లోతుగా తరచి చూడాల్సింది కూడా దాన్నే.

మంగళగిరి చేనేత చీరలను సొంత వెబ్‌సైటులో అమ్మే దుకాణం ఒకటి ఉందనుకుందాం. ఒక నెల స్క్రీన్‌షాట్‌లో 1,20,000 ఇంప్రెషన్లు, 2,400 క్లిక్కులు, 60 కన్వర్షన్లు, రూ.18,000 ఖర్చు ఉన్నాయి. ప్రకటన చూసిన ప్రతి వందసార్లలో రెండుసార్లు ఎవరో ఒకరు నొక్కారు. ఒక్కో క్లిక్కుకు రూ.7.50, ఒక్కో కన్వర్షన్‌కు రూ.300 పడింది. చీర ధర రూ.1,800 కాబట్టి 60 చీరల విలువ రూ.1,08,000. పెట్టిన రూపాయికి ఆరు రూపాయల అమ్మకం జరిగినట్లు Conv. value / cost అనే గడి చూపిస్తుంది. ఆ 6 అంకె చూడగానే బడ్జెట్ పెంచాలనిపించడం సహజం.

అయితే ఆ ఆరు రూపాయలు అమ్మకమే తప్ప లాభం కాదు. ఈ దుకాణం నేతగాడికి చీరకు రూ.1,250 ఇస్తుంది. ప్యాకింగు, కొరియరు కలిపి రూ.120 అవుతాయి. అమ్మకం పన్నును పక్కన పెడితే చీర మీద మిగిలేది రూ.430. ఒక చీర అమ్మడానికి ప్రకటన మీద పెట్టగలిగిన గరిష్ఠ మొత్తం ఇదే. అంటే పెట్టిన రూపాయికి రూ.4.19 అమ్మకం జరిగితేనే దుకాణం లాభం లేకుండా, నష్టం లేకుండా బయటపడుతుంది. ఈ హద్దు సరుకును బట్టి మారుతుంది. సగానికి సగం మిగిలే సరుకుకు రెండు రెట్లు చాలు, పదో వంతు మాత్రమే మిగిలే సరుకుకు పది రెట్లు కావాలి. అందుకే వేరే వ్యాపారికి మంచిదైన అంకె ఈ వ్యాపారికి మంచిది కాకపోవచ్చు. స్క్రీన్‌షాట్ చూడకముందే యజమాని తన సరుకుకు ఈ హద్దు ఎంతో కాగితం మీద రాసుకోవడం మేలు.

రూ.300 అన్నది రూ.430 కన్నా తక్కువే. కాబట్టి చీరకు రూ.130 చొప్పున మిగలాలి. ఇక్కడే చిట్టా తెరవాలి.

ముందుగా 60 అన్న అంకెను చూద్దాం. కన్వర్షన్ అంటే ఏమిటో గూగుల్ నిర్ణయించదు, ఖాతాను ఏర్పాటు చేసినవారు నిర్ణయిస్తారు. సరుకును బుట్టలో వేయడాన్నీ, ఫోన్ నంబరు మీద నొక్కడాన్నీ కూడా కన్వర్షన్‌గా పెట్టేయవచ్చు. కొనుగోలునే పెట్టినా మరో చిక్కు ఉంది. ఆర్డరు పూర్తయ్యాక వచ్చే ధన్యవాదాల పేజీ తెరుచుకున్నప్పుడు లెక్క నమోదవుతుంది. ఆర్డరు నంబరును గూగుల్‌కు పంపే ఏర్పాటు లేకపోతే, కస్టమరు ఆ పేజీని మళ్లీ తెరిచినప్పుడు అదే ఆర్డరు రెండోసారి నమోదు కావచ్చు. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. వెబ్‌సైటులో ప్రతి ఆర్డరు పక్కన అది ఏ లింకు ద్వారా వచ్చిందో చూసి, అవే తేదీల్లో ప్రకటన ద్వారా వచ్చిన ఆర్డర్లను లెక్కపెట్టాలి. ఈ దుకాణంలో అవి 48 తేలాయి.

ఆ 48లోనూ అన్నీ డబ్బుగా మారలేదు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో 10 చీరలను ఇంటివాళ్లు తీసుకోకుండా వెనక్కి పంపారు. ఆర్డరు పడ్డప్పుడే కన్వర్షన్ నమోదైపోతుంది. పార్సిల్ తిరిగొచ్చిన సంగతి డ్యాష్‌బోర్డుకు తనంతట తానుగా తెలియదు. అలాంటి ఆర్డర్లను తర్వాత లెక్కలోంచి తీసివేసే వీలు గూగుల్ యాడ్స్‌లో ఉన్నా, ఆ వివరాన్ని ఎవరో ఒకరు పంపాలి. చిన్న దుకాణాల్లో ఆ పని జరిగేది అరుదు. నికరంగా అమ్ముడైనవి 38 చీరలు. తిరిగొచ్చిన ఒక్కోదానికి రానుపోను కొరియరు, ప్యాకింగు కలిపి రూ.200 చొప్పున రూ.2,000 పోయాయి.

ఇక ఖర్చు. తెరమీది రూ.18,000లో జీఎస్టీ కలవలేదు. 18 శాతం కలిపితే చెల్లించింది రూ.21,240. జీఎస్టీలో మామూలు పద్ధతిలో నమోదైన వ్యాపారి ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి పొందవచ్చు. నమోదు లేనివారికీ, కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికీ అది పూర్తి ఖర్చే. ఈ దుకాణం కాంపోజిషన్‌లో ఉంది.

ఇప్పుడు లెక్క ఇలా తేలుతుంది. 38 చీరల మీద రూ.430 చొప్పున రూ.16,340 మిగిలాయి. అందులో తిరుగు పార్సిళ్ల నష్టం తీసేస్తే రూ.14,340. ప్రకటనకు వెళ్లింది రూ.21,240. నెల నష్టం రూ.6,900. అమ్ముడైన ఒక్కో చీరకు ప్రకటన ఖర్చు రూ.300 కాదు, రూ.559. తెరమీది ఏ అంకే అబద్ధం చెప్పలేదు. అవి లెక్కించేది మాత్రం దుకాణానికి కావాల్సిన సంగతిని కాదు.

నష్టం తేలగానే ప్రకటనలు ఆపేయాలని కాదు. ఈ 38 మందిలో 17 మంది తర్వాత ప్రకటన అవసరం లేకుండా మరో చీర కొంటే ఆ నష్టం పూడుతుంది. అది జరుగుతోందో లేదో డ్యాష్‌బోర్డు కన్నా చిట్టాలోని ఫోన్ నంబర్లే నమ్మకంగా చెబుతాయి. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకు పంపేముందు ఫోన్ చేసి ఖాయం చేసుకుంటే తిరుగు పార్సిళ్లు తగ్గుతాయి. జనం ఏ మాటలు వెతికి ప్రకటనను నొక్కారో చూపే నివేదికను కూడా తెరవాలి. మంగళగిరి డ్రెస్ మెటీరియల్ కోసమో, మంగళగిరి గుడి దర్శన వేళల కోసమో వెతికినవారి క్లిక్కులకు కూడా రూ.7.50 కట్టి ఉంటే, ఆ మాటలను మినహాయింపు జాబితాలో చేర్చాలి.

స్క్రీన్‌షాట్‌లో తేదీలు కనబడకుండా కత్తిరించి ఉంటే వాటిని అడిగి తీసుకోవాలి. గూగుల్ యాడ్స్ కన్వర్షన్‌ను కొన్న రోజు ఖాతాలో వేయదు, క్లిక్కు పడ్డ రోజు ఖాతాలో వేస్తుంది. క్లిక్కు చేసిన 30 రోజుల్లోపు కొన్నా మామూలుగా అది లెక్కలోకి వస్తుంది. చీర లాంటి ఆలోచించి కొనే సరుకుకు ఆఖరి వారం ఎప్పుడూ వెలవెలబోతూ కనబడటానికి కారణం ఇదే. ఆ వారాన్ని చూసి ప్రకటన పాడైందనుకోకూడదు. యజమాని తన ఈమెయిలుకు చదవడానికి మాత్రమే వీలున్న ప్రవేశం ఇమ్మని అడిగితే, తేదీలు మార్చి తనే చూసుకోవచ్చు.

దుకాణం పేరునే వెతికి వచ్చినవారి విషయం వేరు. వారు ప్రకటన లేకపోయినా కింద ఉన్న మామూలు లింకు నొక్కి వచ్చేవారే కావచ్చు, అయినా కన్వర్షన్ ప్రకటన ఖాతాలోనే పడుతుంది. దీన్ని తేల్చుకోవడానికి దుకాణం పేరు మీద నడిచే ప్రకటనను రెండు వారాలు ఆపి, వెబ్‌సైటుకు వచ్చిన మొత్తం ఆర్డర్లను అంతకుముందు రెండు వారాలతో పోల్చాలి. మొత్తం తగ్గకపోతే ఆ ఖర్చు వృథా. ఈ పరీక్షను శ్రావణమాసం, సంక్రాంతి, పెళ్లిళ్ల రోజుల్లో పెట్టకూడదు. అప్పుడు అమ్మకాలు వాటంతట అవే మారతాయి. నెలకు పదో పన్నెండో ఆర్డర్లు వచ్చే దుకాణంలో రెండు వారాల తేడాకు అర్థం ఉండదు, అక్కడ రెండు మూడు నెలలు చూడాలి.