అమ్మింది 42 లక్షలకే, పన్ను 60 లక్షల మీదా?

స్థలం అమ్మి, వచ్చిన సొమ్ము లెక్క చూపి, పన్ను కట్టి రిటర్ను వేసేశాక, ఏడాదో రెండేళ్లో గడిచి ఆ విషయం మరిచిపోయే సమయానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి నోటీసు వస్తుంది. ‘మీరు చూపిన అమ్మకపు ధర కన్నా స్టాంపు డ్యూటీ విలువ ఎక్కువగా ఉంది. ఆ విలువనే అమ్మకపు ధరగా ఎందుకు తీసుకోకూడదో తెలపండి’ అన్నది దాని సారాంశం. అది చదవగానే చాలామంది బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పంపేస్తారు. ‘నాకు ముట్టింది ఇంతే, పైసా నగదు తీసుకోలేదు’ అని రాస్తారు. అది నిజమే కావచ్చు. కానీ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

ఆదాయపు పన్ను చట్టంలోని 50సీ సెక్షన్ మీరు నల్లధనం తీసుకున్నారని ఆరోపించదు. స్థలం, ఇల్లు వంటివి అమ్మినప్పుడు రాసుకున్న ధర స్టాంపుల శాఖ లెక్కగట్టిన విలువ కన్నా తక్కువైతే, ఆ విలువనే అమ్మకపు ధరగా భావించి లాభం లెక్కించమంటుంది. ఎంత పుచ్చుకున్నారన్నది ఇక్కడ పక్కన పడుతుంది. ఆ రోజున ఆ ఆస్తి నిజంగా ఎంత చేస్తుందన్నదే తేలాలి. కాబట్టి జవాబు నిజాయితీ గురించి కాకుండా విలువ గురించి ఉండాలి.

ఒక ఉదాహరణ కట్టుకుని చూద్దాం. హైదరాబాద్ శివారులో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి 300 గజాల ప్లాటు ఉంది. 2021 డిసెంబరులో బేరం కుదిరి 42 లక్షలకు అగ్రిమెంటు రాసుకున్నారు. ఆ రోజు పది వేలు నగదుగా బయానా ఇచ్చారు. మొదటి చెక్కు వారం తరవాత వచ్చింది. రిజిస్ట్రేషన్ 2022 మార్చిలో అయింది. ఈ మధ్యలో, ఫిబ్రవరి 1న, తెలంగాణ ప్రభుత్వం మార్కెట్ విలువలను పెంచింది. అగ్రిమెంటు నాటికి ఆ కాలనీలో గజం 15,000 ఉందనీ, రిజిస్ట్రేషన్ నాటికి 20,000 అయిందనీ అనుకుందాం. అంటే స్టాంపు విలువ 45 లక్షల నుంచి 60 లక్షలకు పోయింది. స్టాంపు విలువ 30 లక్షలు, ఆపైన ఉన్న లావాదేవీల వివరాలు రిజిస్ట్రేషన్ శాఖ నుంచి పన్ను శాఖకు ఏటా వెళ్తాయి కాబట్టి ఈ తేడా దాగేది కాదు.

తేడా 18 లక్షలు. అప్పటి నిబంధనల ప్రకారం దీర్ఘకాలిక లాభం మీద 20 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 3,74,400 రూపాయలు అదనంగా పడుతుంది. వడ్డీ వేరే.

జవాబు రాసే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. స్టాంపు విలువ రాసుకున్న ధరలో 110 శాతానికి మించకపోతే 50సీ వర్తించదు. 42 లక్షలకు ఆ హద్దు 46 లక్షల 20 వేలు. రెండోది, అగ్రిమెంటు ఒక రోజు, రిజిస్ట్రేషన్ మరో రోజు అయితే అగ్రిమెంటు నాటి స్టాంపు విలువను తీసుకోమని అడగవచ్చు. ఈ ఉదాహరణలో అది 45 లక్షలు. హద్దు లోపలే ఉంది కాబట్టి అక్కడితో నోటీసు తేలిపోవాలి. కానీ దానికో షరతు ఉంది. ధరలో కొంత భాగమైనా అగ్రిమెంటు రోజున గానీ అంతకు ముందు గానీ అకౌంట్ పేయీ చెక్కు, డ్రాఫ్టు, బ్యాంకు బదిలీ వంటి మార్గంలో అందాలి. పది వేల నగదు లెక్కలోకి రాదు. వారం ఆలస్యంగా వచ్చిన చెక్కూ గడువు దాటిపోయింది. అదే పది వేలు ఆ రోజు బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే మూడు లక్షల డెబ్బై నాలుగు వేల తగాదా ఉండేదే కాదు. ఇది ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు, ఎందుకంటే బయానా నగదుగా ఇచ్చుకోవడం మన దగ్గర అంత మామూలు.

ఆ దారి మూసుకుపోయింది కాబట్టి ఇక మిగిలింది విలువ మీద వాదనే. 50సీలోని రెండో ఉపసెక్షన్ దీనికి వీలు కల్పిస్తుంది. స్టాంపు విలువ అమ్మిన నాటి నిజమైన మార్కెట్ విలువ కన్నా ఎక్కువని మీరు అంటే, అసెసింగ్ అధికారి ఆ ఆస్తి విలువ తేల్చమని శాఖలోని వాల్యుయేషన్ అధికారికి పంపవచ్చు. ఆయన తేల్చింది స్టాంపు విలువ కన్నా తక్కువైతే తక్కువదే తీసుకుంటారు. ఎక్కువైతే స్టాంపు విలువ దగ్గరే ఆగుతారు. అంటే అడిగినందుకు 60 లక్షలు 65 అయిపోతుందన్న భయం అక్కర్లేదు. ఆ భయంతోనే అడగకుండా ఊరుకునేవాళ్లున్నారు.

కాబట్టి జవాబులో రెండు వాక్యాలు విడివిడిగా, స్పష్టంగా ఉండాలి. ఒకటి: ఈ స్టాంపు విలువ అమ్మిన నాటి మార్కెట్ విలువ కన్నా ఎక్కువ, దీనికి నేను ఒప్పుకోవడం లేదు. రెండు: 50సీ(2) కింద వాల్యుయేషన్ అధికారికి పంపమని కోరుతున్నాను. చట్టంలో ‘పంపవచ్చు’ అని ఉన్నా, అడగకపోయినా పంపి న్యాయంగా విలువ తేల్చే అవకాశం ఇవ్వాలని కలకత్తా హైకోర్టు 2014లో సునీల్ కుమార్ అగర్వాల్ కేసులో చెప్పింది. అలాగని ఆ తీర్పు మీద భారం వేసి అడగడం మానకూడదు. అప్పీలుకు వెళ్లాల్సి వస్తే ‘గడువులోపే అడిగాను’ అని చూపించే కాగితం చేతిలో ఉండటం వేరు.

‘అంత ఎక్కువనుకుంటే రిజిస్ట్రేషన్ అప్పుడే ఎందుకు అడగలేదు?’ అన్న ప్రశ్న వస్తుంది. స్టాంపు డ్యూటీ కట్టేది సాధారణంగా కొన్నవారు, అమ్మినవారు కాదు. పైగా స్టాంపు విలువ మీద అప్పీలు గానీ రివిజన్ గానీ వేసినవారికి 50సీ(2) అందుబాటులో ఉండదు. అక్కడ పోరాడకపోవడం ఇక్కడ అడగడానికి అడ్డు కాదు, అర్హత.

ఇక సాక్ష్యం. మార్కెట్ విలువ పట్టికలో ఒక ప్రాంతానికో కాలనీకో ఒకటే రేటు ఉంటుంది. రోడ్డు మీది మూల ప్లాటుకూ, సందు చివరి ప్లాటుకూ అదే గజం రేటు పడుతుంది. మీ ప్లాటు ఆ సగటుకు ఎందుకు దిగువన ఉందో చూపడమే సాక్ష్యం పని. ‘కరోనా తరవాత మార్కెట్ పడిపోయింది’ అని రాస్తే అది ఎవరికైనా వర్తిస్తుంది, కనుక ఎవరికీ పనికిరాదు.

మన ఉదాహరణలోని ప్లాటు అంచు మీదుగా హైటెన్షన్ విద్యుత్ లైను పోతుంది. 300 గజాల్లో 90 గజాలు దాని కింద ఉన్నాయి, అక్కడ ఇల్లు కట్టడానికి లేదు. ఆమె రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గర నివేదిక తీసుకుంది. అందులో మొదట చూడాల్సింది తేదీ. వాల్యూయర్ 2023లో వచ్చి చూసినా, విలువ 2022 మార్చి నాటిదిగా కట్టాలి. ఈ రోజు విలువ రాసిన నివేదిక ఎంత బాగున్నా దారి తప్పినట్టే. ఆయన కట్టడానికి వీలైన 210 గజాలకు గజం 18,000 చొప్పున 37 లక్షల 80 వేలు, లైను కింది 90 గజాలకు గజం 5,000 చొప్పున నాలుగున్నర లక్షలు వేశాడు. మొత్తం 42 లక్షల 30 వేలు. కొలతలతో గీసిన స్కెచ్, లైను కనిపించే ఫొటోలు జత చేశాడు.

అయితే 18,000 ఎక్కడి నుంచి వచ్చింది? దీనికే పోలిక అమ్మకాలు కావాలి, చిక్కంతా అక్కడే. మన దగ్గర చాలా దస్తావేజులు సరిగ్గా పట్టిక రేటుకే రాసి ఉంటాయి. ఎలాగూ డ్యూటీ ఆ విలువ మీదే కట్టాలి కాబట్టి. వాటిని జత చేస్తే శాఖ వాదనకే బలం. అందుకే చుట్టుపక్కల ప్లాట్ల ఈసీలు తీసి చూడాలి. ఈసీలో ప్రతి లావాదేవీకీ Mkt.Value, Cons.Value అని రెండు అంకెలుంటాయి. మొదటిది పట్టిక విలువ, రెండోది రాసుకున్న ధర. అదే నెలల్లో రెండో అంకె మొదటి దాని కన్నా తక్కువున్న అమ్మకాలు దొరికితే, అవే మీకు కావలసినవి. వాటి దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, మీ ప్లాటుకు ఎంత దూరం, రోడ్డు వెడల్పెంత, విస్తీర్ణమెంత అని ఒక్కో వరుసలో రాసి ఇవ్వాలి.

కొన్నవారు బ్యాంకు రుణం తీసుకుని ఉంటే, బ్యాంకు తరఫు వాల్యూయర్ ఇచ్చిన అంచనా కాపీ అడిగి తీసుకోవడం మంచిది. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన కాగితం అదే. తగాదా పుట్టకముందు, పన్నుతో సంబంధం లేని మూడో మనిషి రాసింది కదా. బ్యాంకు వేలం ధరలు మాత్రం ఆదుకుంటాయని ఆశ పెట్టుకోవద్దు. అవి తొందర అమ్మకాలని పక్కన పెట్టే అవకాశం ఎక్కువ.

వాల్యుయేషన్ అధికారి స్థలం చూస్తాడు, కాగితాలు అడుగుతాడు. తుది ఉత్తర్వుకు ముందు తన అంచనా పంపి అభ్యంతరాలు చెప్పుకోమంటాడు. చాలామంది ఈ కాగితాన్ని తుది నిర్ణయమనుకుని వదిలేస్తారు. మన ఉదాహరణలో ఆ అంచనా 51 లక్షలు వచ్చిందనుకుందాం. అందులో పోలికగా తీసుకున్న ఒక అమ్మకం 40 అడుగుల రోడ్డు మీది మూల ప్లాటు. ఆమె ఆ సంగతి ఎత్తి చూపింది. అధికారి దాన్ని తీసేసి, మంచి భాగానికి గజం 19,000 కట్టాడు. లైను కింది నేలకు 5,000 మరీ తక్కువని, తోటకూ పార్కింగుకూ పనికొస్తుంది కాబట్టి 9,000 ఉండాలన్నాడు. మొత్తం 48 లక్షలు. అసెసింగ్ అధికారి దానికి కట్టుబడాలి. 42 లక్షలకూ దీనికీ తేడా ఆరు లక్షలు, పన్ను 1,24,800. మొదట పడబోయిన దానిలో మూడో వంతు. ఇలాంటి కేసుల్లో సొంత వాల్యూయర్ అంకె యథాతథంగా నిలవడం అరుదు, మధ్యలో ఎక్కడో ఆగడమే మామూలు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. అంతకు ముందు జరిగిన అమ్మకాలకు మాత్రం పాత చట్టమే.

ఇంకొకరినీ మరవకూడదు. అదే 18 లక్షల తేడాను కొన్నవారి ఆదాయంగా కూడా చూపమని 56(2)(ఎక్స్) సెక్షన్ అంటుంది. అంటే నోటీసు ఆయనకూ రావచ్చు. ఆయన కూడా విలువకు ఒప్పుకోనని చెప్పి వాల్యుయేషన్ అధికారికి పంపమని అడగవచ్చు. అమ్మినవారు తెప్పించుకున్న నివేదిక, ఈసీలు, స్కెచ్ ఒక జత ఆయనకిచ్చి, బ్యాంకు అంచనా కాపీ ఆయన దగ్గర పుచ్చుకుంటే ఇద్దరి జవాబుల్లోనూ అవే అంకెలు ఉంటాయి. ఒకరు 42 లక్షల 30 వేలని, మరొకరు 46 లక్షలని రాసి పంపితే ఆ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చదివేది ఒకే శాఖ.