పహాణీ కాగితం నుంచి స్ప్రెడ్‌షీట్ దాకా: గుంట తప్పకుండా ఎక్కించడం

తెలంగాణ పహాణీలో విస్తీర్ణం గడిలో 2-30 అని ఉంటే దాని అర్థం రెండు ఎకరాల ముప్పై గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. కాబట్టి 2-30 అంటే రెండుముప్పావు ఎకరాలు. చాలా కాగితాల్లో దీన్నే చుక్క పెట్టి 2.30 అని రాస్తారు. ఆ చుక్కను కంప్యూటర్ దశాంశ బిందువుగానే చూస్తుంది. స్కాన్ చేసిన పహాణీని ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు వచ్చే చిక్కుల్లో పెద్దది ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఇబ్బంది లేదు. అక్కడ ఎకరానికి 100 సెంట్లు కనుక 2.30ని మామూలు దశాంశంలాగే కూడవచ్చు, తీసివేయవచ్చు. గుంటకు రెండున్నర సెంట్లు. సెంట్ల లెక్కకు అలవాటుపడినవారు తెలంగాణ రికార్డును చేతిలోకి తీసుకుంటే ముందుగా చూసుకోవలసింది కాలమ్ తలమీద ఏమని ఉందో. ‘ఎ.గుం.’ అని ఉంటే 2.30 ఒక భూమి, ‘ఎ.సెం.’ అని ఉంటే అదే 2.30 వేరొక భూమి.

తేడా ఎంత వస్తుందో ఒక లెక్కలో చూడవచ్చు. ఉదాహరణకు 112 సర్వే నంబరు నాలుగు బై నంబర్లుగా విడిపోయిందనుకుందాం. 112/అ విస్తీర్ణం 2-30, 112/ఆ 1-17, 112/ఇ 0-38, 112/ఈ 1-25. వీటిని దశాంశాలుగా టైప్ చేసి కూడితే 5.10 వస్తుంది. చూసినవారు అయిదెకరాల పది గుంటలు అనుకుంటారు. సరిగ్గా కూడితే ఎకరాలు నాలుగు, గుంటలు 110. ఆ 110 గుంటల్లో రెండెకరాలు పోగా 30 గుంటలు మిగులుతాయి. అసలు మొత్తం ఆరు ఎకరాల ముప్పై గుంటలు. నాలుగే వరుసల్లో ఎకరంన్నర భూమి మాయమైంది. పైగా 5.10 అనే అంకె చూడటానికి ఏ అనుమానమూ రానంత మామూలుగా ఉంది. అందుకే ఈ తప్పు ఊరంతటి పట్టికలోనూ దొరక్కుండా దాక్కుంటుంది.

రెండో చిక్కు తేదీలది. ఎక్సెల్ ఖాళీ గడిలో 12/1 అని సర్వే నంబరు కొడితే, మన దేశపు తేదీల అమరికలో అది జనవరి 12 అయిపోతుంది. విస్తీర్ణం 2-10 అని కొడితే అక్టోబర్ 2 అవుతుంది, 1-17 కొడితే జనవరి 2017 అవుతుంది. తర్వాత ఆ గడిని అక్షరాల గడిగా మార్చినా 12/1 తిరిగి రాదు. తేదీని ఎక్సెల్ లోపల ఒక అంకెగా దాచుకుంటుంది కనుక, 2025లో కొట్టిన 12/1 కాస్తా 45669గా కనిపిస్తుంది. ఆ అంకెను చూసి అది ఏ సర్వే నంబరో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుచేత టైప్ చేయడానికి ముందే సర్వే నంబరు, విస్తీర్ణం కాలమ్‌లను ఎంచుకుని Home మెనూలోని Number Format పెట్టెలో Text అని పెట్టాలి. అలా పెడితే కొట్టింది కొట్టినట్టే ఉంటుంది. చుక్క పెట్టి రాసిన రికార్డులకు దీనివల్ల మరో మేలు కూడా ఉంది. అంకెల గడిలో 2.30 కొడితే చివరి సున్నా రాలిపోయి 2.3 మిగులుతుంది. అది ముప్పై గుంటలా, మూడు గుంటలా అన్న సందేహం మొదలవుతుంది. Text గడిలో సున్నా అలాగే ఉంటుంది.

ఇక స్కాన్ సంగతి. చేతిరాత పహాణీలను చూసి టైప్ చేసుకోవడమే మంచిది. సిరా వెలిసిపోయిన రాతను, గొలుసుకట్టు పేర్లను అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్ చదివినదాన్ని దిద్దుకోవడానికి పట్టే సమయం నేరుగా టైప్ చేయడానికి పట్టేదానికన్నా ఎక్కువే అవుతుంది. కంప్యూటర్ నుంచి ముద్రించిన పహాణీ అయితే ఉచితంగా దొరికే టెసెరాక్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. దానికి తెలుగు కూడా వచ్చు. కాగితాన్ని 300 డీపీఐ దగ్గర, వంకర లేకుండా స్కాన్ చేయాలి. పట్టిక మొత్తాన్ని ఒకేసారి ఇస్తే గీతలను అక్షరాలుగా, అక్షరాలను గీతలుగా చదివే ప్రమాదం ఉంది. కాబట్టి ఒక్కో కాలమ్‌ను నిలువు పట్టీగా కత్తిరించి విడివిడిగా చదివించడం మేలు. విస్తీర్ణం పట్టీలో అంకెలే ఉంటాయి గనుక దాన్ని తెలుగులో కాక ఇంగ్లీషులో చదివిస్తే తప్పులు తగ్గుతాయి.

```
tesseract extent.png extent -l eng --psm 6
tesseract survey.png survey -l tel+eng --psm 6
```

పట్టీలుగా కోయడంలో ఒక ఇబ్బంది ఉంది. ఏదైనా గడి ఖాళీగా ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని దాటేస్తుంది, కింది అంకెలన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి. ఒకరి భూమి పక్క సర్వే నంబరు మీదకు వెళ్లిపోతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. పేజీలో ఎన్ని వరుసలున్నాయో ముందే వేలుపెట్టి లెక్కబెట్టి, ప్రతి పట్టీ నుంచీ అన్నే వరుసలు వచ్చాయో లేదో చూడాలి. సర్వే నంబర్ల పట్టీలో వచ్చే మరో తప్పు, గీటును ఒకటిగా చదవడం. 112/1 కాస్తా 11211 అవుతుంది. పహాణీలో సర్వే నంబర్లు వరుసక్రమంలో ఉంటాయి కనుక 112కీ 113కీ మధ్య పదకొండువేల అంకె కనబడగానే తప్పు తెలిసిపోతుంది. అ, ఆ ఒకదానికొకటి మారిపోవడం మాత్రం అలా బయటపడదు, దాన్ని కంటితోనే సరిచూడాలి.

షీట్‌లో కాలమ్‌లు ఇలా ఉంటే పని సాఫీగా సాగుతుంది. Aలో పేజీ నంబరు, Bలో ఆ పేజీలోని వరుస, Cలో సర్వే నంబరు, Dలో కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా విస్తీర్ణం, Eలో ఎకరాలు, Fలో గుంటలు, Gలో మొత్తం గుంటలు, Hలో గమనిక. వీటిలో C, D మాత్రమే Text గడులు. E, F, Gలను చేత్తో నింపకూడదు. అవి D నుంచి సూత్రాల ద్వారానే రావాలి. అప్పుడు దిద్దవలసింది ఎప్పుడూ ఒక్క D గడే అవుతుంది. రెండో వరుసలో E2, F2, G2 గడులకు సూత్రాలు ఇవి:

```
=VALUE(LEFT(D2,FIND("-",D2)-1))
=VALUE(MID(D2,FIND("-",D2)+1,5))
=E2*40+F2
```

కాగితంలో చుక్క వాడి ఉంటే సూత్రంలో అడ్డగీటు బదులు చుక్క పెట్టాలి. అరగుంట ఉన్నచోట కాస్త ఆగి చూడాలి. పదిహేడున్నర గుంటలను కొన్ని రికార్డుల్లో 1-17½ అనీ, మరికొన్నింటిలో 1.1750 అనీ రాస్తారు. మొదటిదాన్ని Dలో 1-17.5గా కొట్టి, అలా మార్చినట్టు Hలో రాసుకుంటే సరిపోతుంది. రెండోదానిలో చుక్క తర్వాతి నాలుగంకెల్లో మొదటి రెండూ గుంటలు, తర్వాతి రెండూ గుంటలో నూరో వంతులు. కాబట్టి ఆ నాలుగంకెలను 100తో భాగించాలి. అలా చేయకపోతే పదిహేడున్నర గుంటలు 1750 గుంటలైపోతాయి.

కూడిక ఎప్పుడూ G కాలమ్ మీదే జరగాలి. మొత్తం వచ్చాక దాన్ని మళ్లీ ఎకరాలుగా, గుంటలుగా విడదీయాలి.

```
=INT(SUM(G2:G5)/40)
=MOD(SUM(G2:G5),40)
```

112 సర్వే నంబరులోని నాలుగు వరుసలకూ Gలో 110, 57, 38, 65 వస్తాయి. మొత్తం 270 గుంటలు. మొదటి సూత్రం 6 ఇస్తుంది, రెండోది 30 ఇస్తుంది.

టైప్ చేసినప్పుడూ స్కాన్ చేసినప్పుడూ దొర్లిన తప్పులను పట్టుకోవడానికి గుంటలే మంచి సాయం చేస్తాయి. సరిగా రాసిన విస్తీర్ణంలో గుంటల అంకె 40కి చేరదు. చేరితే అది ఇంకో ఎకరమే కదా. 1-17ను సాఫ్ట్‌వేర్ 1-77గా చదివితే, F కాలమ్‌లో 40, అంతకు మించిన అంకెలను వడకట్టి చూడగానే అది బయటపడుతుంది. కానీ 1-17ను 1-11గా చదివితే? పదకొండు గుంటలు తప్పేమీ కాదు కనుక ఈ వడపోతలోంచి జారిపోతుంది. ఇక్కడ కావలసింది కాగితం మీదే ఉన్న మరో అంకె. 112 మూల సర్వే నంబరుకు సేత్వార్‌లో 6-30 అని ఉందనుకుందాం. షీట్ మొత్తం 6-24 చూపిస్తుంది, అంటే ఆరు గుంటలు తక్కువ. ఏడుకూ ఒకటికీ తేడా ఆరు. కాబట్టి ఏడు అంకె ఉన్న గడిని వెతికితే ఆ నాలుగు వరుసల్లో ఉన్నది 112/ఆ ఒక్కటే. తేడా పది, ఇరవై, ముప్పై గుంటలుగా వస్తే పదుల స్థానంలోని అంకె తప్పు పడి ఉండవచ్చు. తేడా సరిగ్గా నలభై గుంటలైతే ఎకరాల అంకెను ముందు చూడాలి.

మూల సర్వే నంబరుకు, పేజీ అడుగున ఉండే మొత్తానికి విడి వరుసలు ఉంటే వాటిని బై నంబర్ల మధ్య ఉంచకూడదు. ఉంచితే ఒకే భూమి రెండుసార్లు లెక్కకు వస్తుంది. వాటిని వేరే షీట్‌లో పెట్టి సరిచూసుకోవడానికి వాడాలి. అలాగే కాగితంలో సర్వే నంబరు ఒక్కసారే రాసి కింది వరుసల్లో ఖాళీ వదిలినా, షీట్‌లో ప్రతి వరుసలోనూ ఆ నంబరు పూర్తిగా ఉండాలి. లేకపోతే ఒకసారి వరుసక్రమం మార్చగానే ఏ వరుస ఏ సర్వే నంబరుదో తెలియకుండా పోతుంది.

అన్నీ సరిచూశాక కూడా బై నంబర్ల మొత్తం సేత్వార్ విస్తీర్ణంతో కలవని సర్వే నంబర్లు ఉంటాయి. ఆ తేడా చాలాసార్లు టైపింగ్‌ది కాదు, రికార్డులోనే ఉంటుంది. ఒకే నంబరు మీద ఉన్నదానికన్నా ఎక్కువ భూమి పట్టాల్లోకి ఎక్కిన సందర్భాలు తెలంగాణ రెవెన్యూ కార్యాలయాలకు కొత్తేమీ కాదు. అప్పుడు లెక్క కుదరాలని ఏదో ఒక వరుసలో గుంటలు తగ్గించడం పెద్ద తప్పు. కాగితంలో ఉన్నది ఉన్నట్టే ఉంచి, తేడా ఎన్ని గుంటలో H కాలమ్‌లో రాయాలి. భూమి యజమాని తర్వాత దరఖాస్తు పెట్టుకోవలసి వస్తే చూపించవలసిన అంకె అదే.

ఇంత జాగ్రత్తగా చేసినా స్ప్రెడ్‌షీట్ భూమికి రుజువు కాదు. బ్యాంకులోనైనా కోర్టులోనైనా చూపవలసింది అధికారులు ధ్రువీకరించిన నకలే. షీట్‌లోని వరుస ఆ నకలులో ఎక్కడుందో వెంటనే దొరకడానికే మొదటి రెండు కాలమ్‌లలో పేజీ నంబరు, వరుస నంబరు పెట్టింది. వాటిని ఖాళీగా వదలవద్దు.