గుండ్రని ఆకృతిని ఏ దిక్కున కోయాలి?

1613లో ఖగోళ శాస్త్రజ్ఞుడు యోహానెస్ కెప్లర్ రెండో పెళ్లి చేసుకుని, ఆస్ట్రియాలోని లింజ్ పట్టణంలో ఇంటికి ద్రాక్షసారా పీపాలు కొన్నాడు. వ్యాపారి పీపా పొట్టమీది రంధ్రంలోంచి ఒక కొలకర్రను ఏటవాలుగా అడుగు అంచుదాకా దించి, కర్రమీద గుర్తు చూసి సారా ఎంతుందో చెప్పేశాడు. పీపా సన్నగా పొడుగ్గా ఉన్నా, లావుగా పొట్టిగా ఉన్నా అదే కర్ర, అదే పద్ధతి. ఇది సరైన కొలతేనా అన్న సందేహం కెప్లర్‌ను వదల్లేదు. 1615లో పీపాల ఘనపరిమాణం మీద లాటిన్‌లో ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. గుండ్రని ఆకృతులను పలచని ముక్కలుగా ఊహించి, వాటిని కూడి ఘనపరిమాణం రాబట్టడం అందులోని పద్ధతి. తర్వాతి తరాల్లో న్యూటన్, లైబ్నిజ్ ఇలాంటి కూడికకు సమాకలనం అనే నియమబద్ధమైన రూపం ఇచ్చారు.

నేడు డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ లెక్కలు చేస్తున్నారు. ఒక వక్రం కింది ప్రాంతాన్ని ఒక గీత చుట్టూ తిప్పితే వచ్చే ఘనాకృతి పరిమాణం కనుక్కోవాలి. ఆ గీతే అక్షం. సూత్రాలు మూడు: డిస్క్, వాషర్, షెల్. చాలామంది తడబడేది సమాకలనం చేయడంలో కాదు, ఈ మూడింట్లో ఏది వాడాలో తేల్చుకోవడంలో.

ఒక లెక్కను చివరిదాకా చూద్దాం. y = 2x − x² అనే వక్రం x = 0 దగ్గర నేలమీద మొదలై, x = 1 దగ్గర 1 ఎత్తుకు చేరి, x = 2 దగ్గర మళ్లీ నేలకు దిగుతుంది. ఈ గుట్టకూ x-అక్షానికీ మధ్య ఉన్న ప్రాంతమే మనది. అందులో నిలువుగా ఒక సన్నని పట్టీ గీయండి. దాని వెడల్పు dx, ఎత్తు 2x − x².

ముందుగా దీన్ని x-అక్షం చుట్టూ తిప్పుదాం. పట్టీ అక్షానికి లంబంగా నిలబడి ఉంది, దాని కింది కొన అక్షాన్ని తాకుతోంది. తిరిగితే పలచని గుండ్రని బిళ్ల వస్తుంది. అదే డిస్క్. దాని వ్యాసార్ధం పట్టీ ఎత్తే కాబట్టి ముఖ వైశాల్యం π(2x − x²)². బిళ్లలన్నీ కూడితే:

V = π∫₀² (2x − x²)² dx = 16π/15

ఇప్పుడు అదే ప్రాంతాన్ని y-అక్షం చుట్టూ తిప్పుదాం. వచ్చే ఆకృతి గారెను అడ్డంగా కోస్తే మిగిలే పై సగంలా ఉంటుంది: అడుగు చదును, చుట్టూ ఉబ్బు, నడుమ గుంట. ఇక్కడ రెండు దారులున్నాయి.

మొదటిది అక్షానికి లంబంగా కోయడం. అంటే పట్టీలు అడ్డంగా ఉండాలి. y ఎత్తులో ఉన్న అడ్డపట్టీ గుట్ట ఎడమవాలు నుంచి కుడివాలు దాకా సాగుతుంది. అది అక్షాన్ని తాకదు కాబట్టి తిరిగితే నడుమ రంధ్రమున్న బిళ్ల వస్తుంది. బోల్టు కింద వేసే వాషర్ ఆకారమిదే. దాని వ్యాసార్ధాలు తెలియాలంటే y నుంచి x రాబట్టాలి. వర్గ సమీకరణం సాధిస్తే లోపలి వ్యాసార్ధం 1 − √(1 − y), బయటిది 1 + √(1 − y). బయటి దాని వర్గంలోంచి లోపలి దాని వర్గం తీసేస్తే 4√(1 − y) మిగులుతుంది.

V = π∫₀¹ 4√(1 − y) dy = 8π/3

రెండోది నిలువు పట్టీని అలాగే ఉంచడం. అది y-అక్షానికి సమాంతరంగా ఉంది కాబట్టి తిరిగితే పలచని గొట్టం వస్తుంది. అదే షెల్. ఆ గొట్టాన్ని నిలువుగా చీల్చి పరిస్తే దీర్ఘచతురస్రపు రేకవుతుంది. పొడవు చుట్టుకొలత 2πx, ఎత్తు 2x − x², మందం dx.

V = 2π∫₀² x(2x − x²) dx = 8π/3

జవాబు ఒకటే. కానీ షెల్ దారిలో సమీకరణం సాధించే పని లేదు, వర్గమూలమూ లేదు. వక్రం y = x − x³ లాంటిదైతే, y నుంచి x రాబట్టడానికి ఘన సమీకరణంతో కుస్తీ పట్టాలి. అప్పుడు వాషర్ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

దీన్నిబట్టి నియమం తేలుతుంది. ముందు అక్షాన్ని పక్కనపెట్టి ప్రాంతాన్నే చూడాలి. నిలువు పట్టీ, అడ్డపట్టీల్లో దేని రెండు కొనలు మొదటినుంచి చివరిదాకా అవే గీతల మీద ఉంటాయో, దేని పొడవు సులువుగా రాయగలమో దాన్ని ఎంచుకోవాలి. ఆ తర్వాతే అక్షాన్ని చూడాలి. పట్టీ అక్షానికి సమాంతరమైతే షెల్. లంబంగా ఉండి అక్షాన్ని తాకుతుంటే డిస్క్, తాకకుంటే వాషర్.

x-అక్షమైతే డిస్క్, y-అక్షమైతే షెల్ అని బట్టీపట్టడం అందుకే చేటు చేస్తుంది. y = x, y = 2 − x గీతలకూ x-అక్షానికీ మధ్య ఉన్న త్రిభుజాన్ని x-అక్షం చుట్టూ తిప్పండి. నిలువు పట్టీ పై కొన x = 1 దాకా ఒక గీత మీద, ఆ తర్వాత మరో గీత మీద ఉంటుంది కాబట్టి డిస్కులతో చేస్తే లెక్కను రెండుగా విడగొట్టాలి. అడ్డపట్టీ మాత్రం ఎప్పుడూ x = y నుంచి x = 2 − y దాకానే ఉంటుంది, పొడవు 2 − 2y. అది అక్షానికి సమాంతరం కాబట్టి షెల్:

V = 2π∫₀¹ y(2 − 2y) dy = 2π/3

ఒక్క సమాకలనంతో పని పూర్తయింది.

ఇక తప్పులు. వాషర్‌లో వర్గాల తేడా తీయాల్సినచోట, తేడా తీసి వర్గం చేయడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. మన గుట్టకు అలా చేస్తే 8π/3 బదులు 2π వస్తుంది. షెల్‌లో తప్పు వ్యాసార్ధం దగ్గర జరుగుతుంది. అక్షం x = 3 గీతకు జరిగితే గొట్టం వ్యాసార్ధం 3 − x అవుతుంది. అలవాటుగా x అనే రాస్తే పాత జవాబే మళ్లీ వస్తుంది. సరైన జవాబు 16π/3.

ఇలాంటివి పట్టుకోవడానికి నాలుగో శతాబ్దపు అలెగ్జాండ్రియా గణితవేత్త పాపస్ పేరుతో ఒక సిద్ధాంతం ఉంది. అక్షం ప్రాంతం లోపలినుంచి పోనంతవరకు, ప్రాంత వైశాల్యాన్ని దాని గురుత్వ కేంద్రం తిరిగిన దూరంతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. మన గుట్ట వైశాల్యం 4/3. అది రెండు వైపులా సమానంగా ఉంది కాబట్టి గురుత్వ కేంద్రం x = 1 గీత మీదే ఉంటుంది. y-అక్షం చుట్టూ ఆ కేంద్రం తిరిగే దూరం 2π, కాబట్టి ఘనపరిమాణం 8π/3. x = 3 చుట్టూ తిరిగే దూరం 4π, కాబట్టి 16π/3. 2π అన్న జవాబు తప్పని ఒక్క గుణకారంతో తేలిపోతుంది.

సౌష్ఠవం లేని ప్రాంతానికి గురుత్వ కేంద్రం కనుక్కోవాలంటే మళ్లీ సమాకలనమే చేయాలి. అక్కడ కూడా కేంద్రం సుమారుగా ఎక్కడుంటుందో బొమ్మ చూసి అంచనా వేయవచ్చు. జవాబు ఆ అంచనాకు సగమో రెట్టింపో అయితే, వర్గాలనూ వ్యాసార్ధాన్నీ మళ్లీ చూసుకోవాలి.